అమ్మాయి మొదటి పేస్లిప్ ఎలా చదవాలి: కోదాడలో మా బాబాయి నేర్చుకున్న పద్ధతి

ఇంట్లో అమ్మాయికో అబ్బాయికో మొదటి ఉద్యోగం వచ్చింది, మొదటి జీతం పడింది, వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపించారు, మీరేమో దాన్ని జూమ్ చేసి చూస్తే చెప్పిన జీతానికీ పడిన జీతానికీ పొంతనే లేదు. అలాంటప్పుడు ఏ వరుసలో చూడాలో ఇందులో రాస్తున్నా. నేను హైదరాబాద్‌లో పేరోల్ పనే చేస్తా కాబట్టి రోజూ ఈ ప్రశ్నలే వస్తుంటాయి, కానీ ఇక్కడ మా బాబాయి కథతోనే చెప్తా, ఎందుకంటే ఆయన ఒక్కో లైనూ పట్టుకుని వారాల తరబడి అడిగాడు, ఆ అడిగిన వరుసే సరైన వరుస అని నాకు అనిపిస్తుంది.

బాబాయిది కోదాడ. రైస్ మిల్లులో గుమస్తా. లెక్కల్లో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, చిట్టా రాయడం, సాయంత్రానికి జమ ఖర్చు కలపడం జీవితమంతా చేసిన పని. కానీ ఆయన జీతం మాత్రం ఎప్పుడూ ఒకటో తారీఖున చేతికి నోట్లుగానే వచ్చింది, పీఎఫ్ లేదు, స్లిప్ లేదు. ఆయన కూతురికి, అంటే మా చెల్లికి, 2025 జులైలో హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఏడాదికి నాలుగు లక్షల ఎనభై వేలు అన్నారు. బాబాయి పన్నెండుతో భాగించి నెలకి నలభై వేలు అని అందరికీ చెప్పేశాడు. నెలాఖరుకి పడింది 24,918 రూపాయలు. రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోను, "ఏరా, పదిహేను వేలు ఎక్కడికి పోయినయ్? పిల్ల దగ్గర ఏమన్నా జమానతు కింద పట్టుకున్నారా? మీరంతా ఇట్లనే చేస్తారా?"

1. ముందు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి

పేస్లిప్ ఒక్కటే చూస్తే ఎప్పటికీ అర్థం కాదు. ఆఫర్ లెటర్ చివరి పేజీల్లో ఒక టేబుల్ ఉంటుంది, దాన్ని అనెక్షర్ అంటారు, కొన్నిట్లో సీటీసీ బ్రేకప్ అని ఉంటుంది, అది ఒకటి. పేస్లిప్ రెండోది. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ మూడోది. ఈ మూడిట్లో ఉన్న మూడు అంకెలు వేరువేరుగా ఉండటం మామూలే, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా దిగామో తెలిస్తే చాలు.

పిల్లల్ని అడిగేటప్పుడు కొంచెం నిదానంగా అడగండి. బాబాయి మొదట చెల్లికే ఫోన్ చేసి "నలభై అని చెప్పి ఇంతేనా" అన్నాడు, ఆ పిల్ల చిన్నబుచ్చుకుని "నాన్నా అందరికీ ఇట్లనే వచ్చింది, నాకు మాత్రం ఏం తెలుసు" అని పెట్టేసింది. నిజంగా వాళ్ళకీ తెలీదు, కాలేజీలో ఇది ఎవరూ చెప్పరు. "ఏదమ్మా, ఆ అనెక్షర్ ఒకసారి పంపు, కూర్చుని చూస్తా" అంటే పంపిస్తారు.

2. సీటీసీలోంచి నెలనెలా రానివాటిని తీసెయ్యండి

సీటీసీ అంటే మీ అమ్మాయి జీతం కాదు, ఆ అమ్మాయి మీద కంపెనీకి ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు. అందులో చేతికొచ్చేది ఉంటుంది, తర్వాతెప్పుడో వచ్చేది ఉంటుంది, వస్తుందో రాదో తెలియనిది కూడా ఉంటుంది. చెల్లి అనెక్షర్‌లో నలభై వేలు ఇలా ఉంది: బేసిక్ 20,000, హెచ్‌ఆర్‌ఏ 8,000, స్పెషల్ అలవెన్స్ 7,238. ఈ మూడూ కలిపితే 35,238, దీన్నే గ్రాస్ అంటారు. మిగతా 4,762 రూపాయలు మూడు ముక్కలు, కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ 962, వేరియబుల్ పే 2,000.

వేరియబుల్ అనేది నెలనెలా రాదు. చెల్లి లెటర్‌లో ఏడాదికి 24,000 అని రాసి, పక్కన పనితీరునీ కంపెనీ ఫలితాలనీ బట్టి అని రాశారు. ఇది పూర్తిగా రావచ్చు, సగం రావచ్చు. ఇంటి లెక్కలో దీన్ని కలపొద్దు, వచ్చినప్పుడు చూసుకోవచ్చు. ఏ నెలలో ఇస్తారు, మధ్యలో చేరినవాళ్ళకి ఎంత లెక్క అనేది మాత్రం హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి అడిగించండి.

గ్రాట్యుటీ దగ్గర బాబాయి ఆగిపోయాడు. "962 పట్టుకున్నారు కదా, మరి స్లిప్పులో కటింగుల వైపు కనపడదేంది?" అని. మంచి ప్రశ్న. అది జీతంలోంచి కట్ చేసింది కాదు, ఎప్పుడో ఇవ్వాల్సొస్తుందని కంపెనీ తన ఖర్చులో రాసుకున్న అంకె. లెక్క ఏంటంటే, పని చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల బేసిక్, నెలకి 26 పనిదినాల చొప్పున. 20,000ని 26తో భాగించి 15తో గుణిస్తే 11,538, దాన్ని పన్నెండు నెలలకి పంచితే 962. మామూలు పర్మినెంట్ ఉద్యోగికి ఇది రావాలంటే ఒకే కంపెనీలో అయిదేళ్ళు ఉండాలి. రెండేళ్ళకి మారిపోయే పిల్లలకి ఇది రాదు, అందుకే రెండు మూడు కంపెనీల ఆఫర్లు పోల్చేటప్పుడు సీటీసీ చూడొద్దు, గ్రాస్ చూడండి అని నేను అందరికీ చెప్తుంటా.

హెచ్‌ఆర్‌ఏ గురించి ఒక్క మాట. కంపెనీ ఇంటి అద్దె ఇస్తోంది కదా, మళ్ళీ హాస్టల్‌కి డబ్బులెందుకు అని బాబాయి అడిగాడు. అది విడిగా ఇచ్చే అద్దె కాదు, జీతంలోనే ఒక ముక్కకి ఆ పేరు పెట్టారంతే, హాస్టల్ ఫీజు అందులోంచే కట్టుకోవాలి.

3. ఎన్ని రోజులకి జీతం ఇచ్చారో చూడండి

మొదటి స్లిప్పులో అన్నిటికంటే పెద్ద తేడా ఇక్కడే ఉంటుంది, కానీ ఎక్కువమంది దీన్ని వదిలేసి కటింగుల మీద పడతారు. స్లిప్పు పైభాగంలో పేరు, ఉద్యోగి నంబరు, బ్యాంకు ఖాతా ఉన్నచోటే చిన్న అక్షరాలతో పేడేస్ అనో పేయబుల్ డేస్ అనో ఉంటుంది, పక్కనే ఎల్‌ఓపీ అని ఉంటుంది, అంటే జీతం రాని రోజులు.

చెల్లి చేరింది జులై 7న. జులైలో 31 రోజులు, ఏడో తారీఖు నుంచి లెక్కేస్తే 25 రోజులు. కాబట్టి ప్రతి ముక్కనీ 31తో భాగించి 25తో గుణించారు. బేసిక్ 16,129, హెచ్‌ఆర్‌ఏ 6,452, స్పెషల్ అలవెన్స్ 5,837, మొత్తం 28,418. అంటే చేరకముందు ఆరు రోజులకి 6,820 రూపాయలు అసలు సంపాదించనేలేదు, ఎవరూ పట్టుకోలేదు. ఇది చెప్పేసరికి బాబాయి గొంతు మారింది, "అట్లనా, ఆరు రోజులు రాకముందువి కదా, మరి ఎవరిస్తారు" అని ఆయనే అన్నాడు. మిల్లులో హమాలీలకి రోజుల లెక్కన కట్టిన మనిషికి ఈ ముక్క ఇంక విప్పి చెప్పక్కర్లేదు.

మీరు కూడా కాలిక్యులేటర్ తీసి ఒక్కసారి వెయ్యండి. కొన్ని కంపెనీలు నెలని ఎప్పుడూ 30 రోజులుగానే తీసుకుంటాయి, అప్పుడు అంకె కొంచెం మారుతుంది, అది తప్పు కాదు. నెల చివర్లో, అంటే ఇరవయ్యో తారీఖు దాటాక చేరితే ఆ నెల జీతమే పడకపోవచ్చు, పేరోల్ అప్పటికే మూసేస్తారు, ఆ రోజుల డబ్బు పై నెలలో ఎరియర్స్ అనే లైన్‌లో వస్తుంది. రాకపోతే అడగాల్సింది అప్పుడు.

4. ఇప్పుడు కటింగుల వైపు రండి, ప్రతి లైన్‌కీ ఒకే ప్రశ్న వెయ్యండి

స్లిప్పులో ఎడమ వైపు ఎర్నింగ్స్, కుడి వైపు డిడక్షన్స్ ఉంటాయి. బాబాయికి ఇది జమ ఖర్చు లాగానే కనిపించింది, అక్కడి నుంచి ఆయనే సొంతంగా నడిచాడు. కుడి వైపు ప్రతి లైన్ దగ్గర అడగాల్సింది ఒకటే, ఈ డబ్బు ఎవరి చేతికి పోయింది, తిరిగొస్తుందా రాదా. చెల్లి స్లిప్పులో మూడే లైన్లు: పీఎఫ్ 1,800, పీటీ 200, జీఎంసీ పేరెంటల్ 1,500. మొత్తం 3,500. 28,418లోంచి 3,500 తీసేస్తే 24,918, బ్యాంకు మెసేజ్‌లో ఉన్నది సరిగ్గా అదే.

పీటీ అంటే ప్రొఫెషనల్ టాక్స్, వృత్తి పన్ను. రాష్ట్ర ప్రభుత్వానికి పోతుంది, తిరిగి రాదు. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ నెల జీతం 15,000 దాకా ఏమీ లేదు, 15,001 నుంచి 20,000 వరకూ 150, ఆపైన 200. ఎంత పెద్ద జీతమైనా నెలకి 200 దాటదు. పని చేసే ఊరిని బట్టి ఇది మారుతుంది, చెన్నైలో ఉద్యోగమైతే ఆరు నెలలకోసారి కట్ అవుతుంది, అది చూసి కంగారు పడొద్దు. తెలంగాణలో డిసెంబర్ స్లిప్పులో లేబర్ వెల్ఫేర్ ఫండ్ అని రెండు రూపాయలు కూడా కనపడుతుంది.

ఇన్కమ్ టాక్స్ లైన్ చెల్లి స్లిప్పులో సున్నా. టీడీఎస్ ఏమీ పట్టలేదేంటి, తర్వాత ఒకేసారి కట్టమంటారా అని బాబాయికి భయం. కట్టమనరు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో జీతగాళ్ళకి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను మిగిలిన ఆదాయం 12 లక్షల్లోపు ఉంటే పన్ను పడదు, అంటే జీతం ఒక్కటే ఆదాయమైతే 12,75,000 వరకూ భయం లేదు. అద్దె రసీదులు, ఎల్‌ఐసీ రసీదులు కంపెనీకి పంపాలా అని అడిగేవాళ్ళు చాలామంది, ఈ జీతానికి కొత్త పద్ధతిలో ఉంటే వాటితో పనే లేదు.

మీ వాళ్ళ గ్రాస్ 21,000 లోపు అయితే ఈఎస్‌ఐ అని ఇంకో లైన్ ఉంటుంది, జీతంలో 0.75 శాతం, 18,000కి 135 రూపాయలు. తక్కువే, కానీ ఈఎస్‌ఐ ఆసుపత్రుల్లో వైద్యం కోసం అది, ఆధారపడ్డ తల్లిదండ్రుల పేర్లు కూడా అందులో ఎక్కించొచ్చు. ఎక్కించారో లేదో అడగండి.

5. పీఎఫ్ లైన్‌ని స్లిప్పులో నమ్మొద్దు, పాస్‌బుక్‌లో చూడండి

ఇక్కడ ఎక్కువ సేపు ఆగండి, ఎందుకంటే స్లిప్పులో కట్ అయినట్టు రాయడం వేరు, ఆ డబ్బు నిజంగా పీఎఫ్ ఖాతాలో పడటం వేరు. రెండూ సరిపోయాయా లేదా అనేది ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు.

ముందు అంకె ఎలా వచ్చిందో చూద్దాం. పీఎఫ్ అంటే బేసిక్‌లో 12 శాతం. చట్టం ప్రకారం 15,000 జీతం వరకే కట్టడం తప్పనిసరి, 15,000లో 12 శాతం 1,800. కొన్ని కంపెనీలు అక్కడితో ఆపుతాయి, కొన్ని మొత్తం బేసిక్ మీద కడతాయి, చెల్లికి అలా అయితే పూర్తి నెలకి 2,400 అయ్యేది. రెండూ సరైనవే. ఇది పిల్లల జీతంలోంచి పోయింది, కంపెనీ తన వైపు నుంచి ఇంకో 1,800 వెయ్యాలి, అదే మనం సీటీసీలో చూసిన 1,800.

బాబాయికి పీఎఫ్ అంటేనే అనుమానం. "మన డబ్బు వాళ్ళ దగ్గరెందుకు, అడిగితే వద్దని రాయించుకోలేమా" అన్నాడు. నేను వాదించలేదు, సెప్టెంబర్ దాకా ఆగి పాస్‌బుక్ చూపిస్తా అన్నా. జులై నెల పీఎఫ్ డబ్బుని కంపెనీ ఆగస్టు 15 లోపు కట్టాలి, అది పాస్‌బుక్‌లో కనపడటానికి ఇంకొన్ని రోజులు పడుతుంది, కాబట్టి జీతం పడిన మర్నాడే చూసి ఖాళీగా ఉందని గొడవ చెయ్యొద్దు.

చూడటానికి యూఏఎన్ అనే పన్నెండంకెల నంబరు కావాలి, స్లిప్పు పైనే ఉంటుంది. ఉద్యోగాలు ఎన్ని మారినా అదే నంబరు ఉండాలి. యూఏఎన్ యాక్టివేట్ అయ్యి, ఆధార్ కలిపి ఉంటే, రిజిస్టర్ అయిన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. తెలుగులోనే కావాలంటే అదే ఫోన్ నుంచి 7738299899కి ఇలా మెసేజ్ పెట్టాలి:

```
EPFOHO UAN TEL
```

ఉమంగ్ యాప్‌లోకి వెళ్తే నెలవారీ లైన్లన్నీ కనపడతాయి. చెల్లి వీకెండ్‌కి ఇంటికొచ్చినప్పుడు ఫోన్ ఓపెన్ చేసి నాకు వీడియో కాల్ చేశారు. ఉద్యోగి వాటా 1,800, కంపెనీ వాటా 550, పెన్షన్ 1,250. బాబాయి వెంటనే పట్టేశాడు, "కంపెనీ 1,800 వేస్తదన్నావు, 550 వేసిందేంది." చూడ్డానికి తగ్గినట్టే ఉంటుంది, కానీ కంపెనీ వేసే 1,800లోంచి 15,000కి 8.33 శాతం, అంటే 1,250, పెన్షన్ పథకానికి పోతుంది, మిగిలిన 550 పీఎఫ్‌లో పడుతుంది. రెండూ కలిపితే 1,800 సరిపోయింది. వడ్డీ మాత్రం పీఎఫ్ వైపు ఉన్న 2,350 మీదే లెక్కేస్తారు, 2024-25కి 8.25 శాతం ఇచ్చారు. పెన్షన్ గడిలో వడ్డీ కనపడదు, అక్కడ ఎంత పోగైంది అనేదానికంటే ఎన్నేళ్ళు పనిచేశారు అనేది ముఖ్యం, నెలనెలా పెన్షన్ రావాలంటే కనీసం పదేళ్ళ సర్వీసు ఉండాలి.

అంతా విని ఆయన తన డైరీలో ఒక కొత్త పేజీ తీసి చెల్లి పేరు మీద జమ 1,800, జమ 550 అని రాసుకున్నాడు. ఖర్చు వైపు రాయలేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, కానీ పీఎఫ్‌ని ఆయన ఎట్లా అర్థం చేసుకున్నాడో ఆ పేజీ చూస్తే తెలిసిపోయింది.

స్లిప్పులో కట్ అయ్యింది, రెండు నెలలైనా పాస్‌బుక్‌లో లేదు అంటే అప్పుడు తేడా ఉన్నట్టే. మొదట హెచ్‌ఆర్‌కి స్లిప్పు, పాస్‌బుక్ రెండూ జత చేసి మెయిల్ పెట్టించండి, జవాబు రాకపోతే ఈపీఎఫ్ఓ వాళ్ళ గ్రీవెన్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. చాలాసార్లు మాత్రం కారణం పేరు తేడా. మన దగ్గర ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంతో ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటే ఇంకోదాంట్లో వెనక ఉంటుంది, పుట్టిన తేదీ కూడా అటూ ఇటూ అయ్యుంటుంది. యూఏఎన్‌లో ఉన్న పేరూ పుట్టిన తేదీ ఆధార్‌తో కలవాలి, లేకపోతే తర్వాత డబ్బు తీసేటప్పుడో ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడో ఆగిపోతుంది. ఇది మాత్రం తల్లిదండ్రులు చెయ్యగలిగిన పని, ఆ కాగితాలన్నీ ఇంట్లో బీరువాలో మీ దగ్గరే ఉంటాయి కదా. చెల్లి పాన్‌కీ ఆధార్‌కీ ఇంటిపేరు తేడా ఉంటే బాబాయే మీసేవకి తిరిగి ఆధార్ మార్పించాడు. ఆ పనిలో ఉండగానే పీఎఫ్‌కి నామినీని కూడా పెట్టించండి, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

6. పేరు అర్థం కాని కటింగ్ ఉంటే పిల్లలనే అడగండి

చెల్లి స్లిప్పులో మూడో లైన్, జీఎంసీ పేరెంటల్ 1,500. బాబాయి దాన్ని అన్నిటికంటే ఎక్కువ అనుమానించాడు, ఏదో క్లబ్బు, ఏదో సంఘం చందా అనుకున్నాడు. నాకు చూడగానే తెలిసింది కానీ నేను చెప్పలేదు, చెల్లినే అడుగు బాబాయ్ అన్నా.

జీఎంసీ అంటే కంపెనీ తీసుకునే గ్రూప్ హెల్త్ పాలసీ. ఉద్యోగికి కంపెనీయే కడుతుంది, తల్లిదండ్రుల్ని చేర్చాలంటే చాలాచోట్ల ప్రీమియం ఉద్యోగి జీతంలోంచి పోతుంది. చేరిన వారంలో ఆన్‌లైన్ ఫారాలు నింపేటప్పుడు చెల్లి అమ్మానాన్న పేర్లు, పుట్టిన తేదీలు ఇచ్చి ఒప్పుకుంది, ఇద్దరికీ కలిపి మూడు లక్షల కవర్, ఏడాదికి 18,000, నెలకి 1,500 చొప్పున పన్నెండు నెలలు. ఇంట్లో చెప్పలేదు, చెప్తే వద్దంటారని తెలుసు.

అన్నాడు కూడా. "మాకెందుకే, ఆరోగ్యశ్రీ కార్డు లేదా, తీసెయ్యమను" అని. ఆ రోజు నాకు చేసిన ఫోనులో మాత్రం కోపం లేదు, నిజంగా తీసెయ్యొచ్చా లేదా తెలుసుకుందామనే అడిగాడు. నేను చెప్పింది ఇది. ఆయనకి షుగర్ ఉంది, పిన్నికి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు బయట విడిగా పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకి ఏళ్ళ తరబడి వెయిటింగ్ పెడతారు, కంపెనీ గ్రూప్ పాలసీల్లో చాలావరకు మొదటి రోజు నుంచే అవి కవర్ అవుతాయి. ఆ ఒక్క కారణానికి ఇది ఉంచుకోవాలి. ఆరోగ్యశ్రీ ఉండనీ, అది దాని జబ్బుల లిస్టుకి, దాని ఆసుపత్రులకి పనికొస్తుంది, రెండూ ఉంటే మంచిదే.

అయితే ఈ లైన్ ఉంటే మీరు తప్పకుండా కనుక్కోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తల్లిదండ్రుల క్లెయిమ్‌లో కో-పే ఎంత అనేది మొదటిది, అంటే బిల్లులో పది శాతమో ఇరవై శాతమో మీరే కట్టాల్సి రావచ్చు. మీకు దగ్గర్లో, మాకైతే సూర్యాపేటలోనో ఖమ్మంలోనో, క్యాష్‌లెస్ ఉన్న ఆసుపత్రి ఏదో చూసుకోండి. ఈ-కార్డు పీడీఎఫ్ మీ ఫోన్లో పెట్టుకోండి, ఎమర్జెన్సీలో పిల్లలు మీటింగ్‌లో ఉంటే ఫోన్ ఎత్తకపోవచ్చు. కార్డు మీద మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూడండి. ఇంకోటి, ఇది ఉద్యోగం ఉన్నంతవరకే, మానేసిన రోజుతో ఆగిపోతుంది. మధ్యలో ఎప్పుడంటే అప్పుడు చేర్చనివ్వరు కూడా, చేరిన కొత్తలో కొన్ని రోజులు గడువిస్తారు, అది దాటితే మళ్ళీ పాలసీ రెన్యూవల్ అప్పుడే. మీ వాళ్ళు కొత్తగా చేరుతుంటే ఈ సంగతి ముందే అడగండి.

బాబాయి వద్దనడం మానేశాడు. పిన్నితో "పిల్ల మన పేరు మీద కడతుందంట" అన్నాడట, తర్వాత ఖమ్మంలో ఏ ఆసుపత్రి ఉందో లిస్టు పంపమని నాకు మెసేజ్ పెట్టాడు.

7. రెండో నెల స్లిప్పు రాకముందే లెక్క వేసి పెట్టుకోండి

మొదటి నెలంతా అరకొర లెక్క, అసలు పరీక్ష రెండో నెల. పూర్తి నెల గ్రాస్ 35,238, కటింగులు 3,500, చేతికి 31,738. బాబాయి ఈ అంకె కాగితం మీద ముందే రాసి పెట్టుకున్నాడు. ఆగస్టు జీతం 30,602 పడింది. 1,136 తక్కువ.

ఈసారి చెల్లికి ఫోన్ చేసి ఎందుకు తక్కువొచ్చింది అనలేదు. స్లిప్పు తెప్పించుకుని కటింగులు చూశాడు, అవే 3,500. కాబట్టి తేడా ఎడమ వైపే ఉంది. పైన రోజులు చూశాడు, పేయబుల్ డేస్ 30, ఎల్‌ఓపీ 1. ఆగస్టుకి 31 రోజులు, 35,238ని 31తో భాగిస్తే 1,137, రూపాయి అటూ ఇటూ రౌండింగ్‌లో పోతుంది. అప్పుడు ఫోన్ చేసి "ఏ రోజు పోలేదమ్మా ఆఫీసుకి" అని అడిగాడు. వరలక్ష్మీ వ్రతానికి శుక్రవారం ఇంటికొచ్చింది, లీవ్ పెట్టింది కూడా, కానీ మేనేజర్ యాప్‌లో అప్రూవ్ నొక్కలేదు, పేరోల్ మూసే తారీఖుకి అది పెండింగ్‌లో ఉండిపోయింది, దాంతో జీతం లేని రోజుగా పడింది.

ఇది చాలా మామూలుగా జరిగేదే, సరిచేయించొచ్చు. లీవ్ బ్యాలెన్స్ ఉండి అప్లై చేసినట్టు యాప్‌లో కనపడుతుంటే, మేనేజర్‌తో అప్రూవ్ చేయించి, హెచ్‌ఆర్‌కి ఎల్‌ఓపీ రివర్సల్ చెయ్యమని మెయిల్ పెట్టాలి, లీవ్ తేదీ, స్క్రీన్‌షాట్ జత చెయ్యాలి. ఆ డబ్బు పాత స్లిప్పుని మార్చి ఇవ్వరు, పై నెల స్లిప్పులో ఎరియర్స్ లైన్ కింద వస్తుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకి కొన్ని కంపెనీల్లో లీవులు తక్కువ, లేదా అసలుండవు, అలాంటప్పుడు నిజంగానే ఎల్‌ఓపీ అవుతుంది, అది వెనక్కి రాదు, కాబట్టి పండక్కి రమ్మని పిలిచే ముందు లీవులెన్ని ఉన్నాయో అడిగి పిలవండి.

సెప్టెంబర్ స్లిప్పులో ఎరియర్స్ 1,136 వచ్చింది, చేతికి 32,874. బాబాయి ఆ పీడీఎఫ్‌ని కూడా చెల్లి పేరున్న ఫోల్డర్‌లో మిగతా రెండిటి పక్కన సేవ్ చేసుకున్నాడు. మీరూ ప్రతి నెలదీ ఇలా ఇంట్లో ఒక కాపీ పెట్టించండి, ఉద్యోగం మానేశాక కంపెనీ పోర్టల్ లాగిన్ తీసేస్తారు, తర్వాత హోమ్ లోన్‌కో కొత్త కంపెనీకో మూడు నెలల స్లిప్పులు కావాలంటే దొరకవు.